పదిహేను వందల చీరకు చేతికొచ్చేది ఎంత?

మంగళగిరి నూలు చీర ఒకటి ఆన్‌లైన్ మార్కెట్లో 1,575 రూపాయలకు అమ్ముడైందనుకుందాం. హైదరాబాదులో కొన్నావిడ పైసాతో సహా కట్టేసింది. చీర పంపిన వ్యాపారి బ్యాంకు ఖాతాలో కొన్నాళ్లకు పడింది మాత్రం 1,247 రూపాయల 40 పైసలు. మధ్యలో 327 రూపాయల 60 పైసలు ఎటు పోయాయి?

‘అంతా కంపెనీవాళ్లే కోసేసుకున్నారు’ అని చాలామంది చిన్న వ్యాపారులు అక్కడితో లెక్క ఆపేస్తారు. ఇంకొందరు బ్యాంకులో పడిన మొత్తాన్నే అమ్మకం కింద పుస్తకంలో రాసేసుకుంటారు. రెండూ నష్టం తెచ్చేవే. ఆ 327 రూపాయల్లో కొంత నిజంగానే ఖర్చు. కొంత అడిగితే తిరిగొచ్చే సొమ్ము. ఇక చేతికందిన 1,247 రూపాయల్లోనూ వ్యాపారిది కాని సొమ్ము కొంత ఉంది. దేన్ని ఏ లెక్కలో వేసుకోవాలో చెప్పేది కంపెనీ పంపే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్. సెల్లర్ ఖాతాలో పేమెంట్స్ విభాగం తెరిస్తే అది దొరుకుతుంది. ఎక్సెల్ షీటుగానూ దించుకోవచ్చు. పాతిక ముప్పై గడులతో మొదట బెదరగొడుతుంది కానీ, ఒక్క చీర వెంట నడిస్తే దారి తెలిసిపోతుంది.

ఒక్క ఆర్డరు కథ

చీర ధర 1,500 రూపాయలు. దానిపై 5 శాతం జీఎస్టీ 75 రూపాయలు. మొత్తం 1,575. ఇక్కడి నుంచి కోతలు మొదలవుతాయి. కంపెనీ రుసుములు వేదికను బట్టి, వస్తువు రకాన్ని బట్టి, ధరను బట్టి మారుతుంటాయి కాబట్టి ఈ ఉదాహరణలో వాటిని ఊహించి తీసుకున్నాం. పన్నుల రేట్లు మాత్రం అసలువే.

మొదటిది కమీషన్. అమెజాన్ దీన్ని రిఫరల్ ఫీజు అంటుంది. సాధారణంగా దీన్ని జీఎస్టీతో కలిపిన అమ్మకపు ధర మీద లెక్కకడతారు. అంటే వ్యాపారి తనది కాని 75 రూపాయల మీద కూడా కమీషన్ ఇచ్చుకుంటాడన్నమాట. 10 శాతం అనుకుంటే 157 రూపాయల 50 పైసలు. రెండోది ప్రతి ఆర్డరుకూ పడే స్థిర రుసుము. ఒకచోట క్లోజింగ్ ఫీజు, మరోచోట ఫిక్స్‌డ్ ఫీజు అంటారు. ఇది 42 రూపాయల 50 పైసలు అనుకుందాం. మూడోది షిప్పింగ్ చార్జీ, 70 రూపాయలు. మూడూ కలిపితే 270.

ఈ సేవలన్నిటిపైనా 18 శాతం జీఎస్టీ ఉంది. 270 మీద అది 48 రూపాయల 60 పైసలు. చీర మీద వేసే 5 శాతానికీ దీనికీ సంబంధం లేదు. అది కొన్నావిడ కట్టిన పన్ను, ఇది కంపెనీ సేవకు వ్యాపారి కట్టే పన్ను.

చివర్లో రెండు చిన్న అంకెలుంటాయి. టీసీఎస్ 7 రూపాయల 50 పైసలు, టీడీఎస్ రూపాయిన్నర. మొత్తం వరుసగా పేరిస్తే ఇలా ఉంటుంది:

అమ్మకపు ధర: 1,575.00
కమీషన్: −157.50
స్థిర రుసుము: −42.50
షిప్పింగ్: −70.00
రుసుములపై జీఎస్టీ: −48.60
టీసీఎస్: −7.50
టీడీఎస్: −1.50
బ్యాంకులో జమ: 1,247.40

ఇప్పుడు ఈ కోతల్ని విడదీద్దాం. కమీషన్, స్థిర రుసుము, షిప్పింగ్ కలిపి 270 రూపాయలు పోయినట్టే, అవి తిరిగి రావు. రుసుములపై కట్టిన 48.60 మాత్రం జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సాధారణ వ్యాపారికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా దక్కుతుంది. టీసీఎస్, టీడీఎస్ రెండూ వ్యాపారి పేరిట ముందుగా కట్టిన పన్ను, వాటినీ రాబట్టుకోవచ్చు. మరోవైపు, చేతికొచ్చిన డబ్బులో ప్రభుత్వానికి చేరాల్సిన 75 రూపాయలు కూర్చుని ఉన్నాయి. అన్నీ సర్దితే చీర మీద వ్యాపారికి నిజంగా మిగిలేది 1,500లో 270 పోగా 1,230 రూపాయలు. కొన్నావిడ కట్టిన 1,575 గానీ, బ్యాంకు చూపిన 1,247 గానీ అతని అసలు రాబడి కాదు.

కమీషన్ లేదన్నంత మాత్రాన కోతలు లేనట్టూ కాదు. మీషో 2021లోనే కమీషన్ ఎత్తేసింది. అమెజాన్ ఇండియా 2025 ఏప్రిల్‌లో 300 రూపాయల లోపు వస్తువుల్లో చాలా వాటిపై రిఫరల్ ఫీజు తీసేసింది. అలాంటి చోట్ల స్టేట్‌మెంట్లో ఒక గడి సున్నా అవుతుంది, మిగతా గడులు ఉంటాయి. చవక వస్తువుకు అసలు బరువు షిప్పింగే.

పెట్టె కొలిచినప్పుడు

షిప్పింగ్ చార్జీ ఒక్కసారి పడి ఊరుకోదు. ఆర్డరు సొమ్ము జమైన తర్వాత, ఇంకో సెటిల్‌మెంట్లో అదే ఆర్డరు నంబరుతో 29 రూపాయల 50 పైసల కోత ప్రత్యక్షమవుతుంది. పక్కన ‘వెయిట్ అడ్జస్ట్‌మెంట్’ అనో, షిప్పింగ్ చార్జీ సవరణ అనో రాసి ఉంటుంది. కొత్త సెల్లర్లకు అంతుపట్టని కోతల్లో ఇదొకటి.

కారణం పార్శిల్ కొలత. కొరియర్ కంపెనీకి బరువొక్కటే కాదు, బండిలో పెట్టె ఆక్రమించే చోటు కూడా ఖర్చే. అందుకే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. వచ్చేది కిలోల్లో ఘనపరిమాణపు బరువు. దాన్నీ తూకంలో తేలిన అసలు బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే చార్జీ వేస్తారు.

మన చీర ప్యాకింగ్‌తో కలిపి 600 గ్రాములు తూగింది. వ్యాపారి కిలో లోపు శ్లాబు అనుకుని 70 రూపాయల లెక్క వేసుకున్నాడు. కానీ చీర మడత నలగకూడదని 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 6 ఎత్తున్న అట్టపెట్టెలో పెట్టి పంపాడు. మూడూ గుణిస్తే 7,200. దాన్ని 5,000తో భాగిస్తే 1.44 కిలోలు. కొరియర్ హబ్‌లో యంత్రం కొలిచేసరికి పార్శిల్ కిలోన్నర శ్లాబులోకి జారింది. ఆ శ్లాబు చార్జీ 95 రూపాయలు అనుకుంటే తేడా 25, దానిపై జీఎస్టీ 4.50. అదే ఆ 29.50.

అదే చీర 35, 25, 5 సెంటీమీటర్ల పెట్టెలో పట్టిందనుకుందాం. 4,375ను 5,000తో భాగిస్తే 0.875 కిలో. శ్లాబు మారదు, సవరణా రాదు. వ్యాపారి బేరమాడి కమీషన్ తగ్గించుకోలేడు గానీ పెట్టె తగ్గించుకోగలడు.

అయితే కొలత తప్పయ్యే సందర్భాలూ ఉంటాయి. మెత్తటి కవరు ఉబ్బితే ఎత్తు ఎక్కువ నమోదవుతుంది. ఒకే రకం పెట్టెలో వెళ్లిన యాభై పార్శిళ్లలో రెండింటికే సవరణ పడితే అనుమానించాల్సింది ఆ రెండు కొలతల్నే. అన్నింటికీ పడితే తప్పు దాదాపుగా సెల్లర్ నమోదు చేసిన కొలతల్లోనే ఉంటుంది. అభ్యంతరం చెప్పాలంటే పెట్టె పక్కన టేపు పెట్టి మూడు వైపులా తీసిన ఫొటోలు, తూకం అంకె కనిపించే ఫొటో, పార్శిల్ మీద అంటించిన లేబులు స్పష్టంగా ఉండాలి. పార్శిల్ వెళ్లిపోయాక ఇవి తీయడం కుదరదు. అభ్యంతరానికి ప్రతి వేదికా గడువు పెడుతుంది. నెలాఖరున తీరిగ్గా స్టేట్‌మెంట్ చూసేవారికి ఆ గడువు దాటిపోయి ఉండొచ్చు.

చీర తిరిగొస్తే

రంగు నచ్చలేదని కొన్నావిడ చీర వెనక్కి పంపింది. వ్యాపారి లెక్క ప్రకారం అమ్మకం రద్దయింది, చీర ఇంటికొచ్చింది, సమానం. స్టేట్‌మెంట్ అలా అనుకోదు.

ముందుగా 1,575 రూపాయలు పూర్తిగా వెనక్కి తీసుకుంటారు. కమీషన్ 157.50, దానిపై జీఎస్టీ 28.35 తిరిగి జమ చేస్తారు. టీసీఎస్, టీడీఎస్ కలిపి 9 రూపాయలు కూడా వెనక్కి వేస్తారు. స్థిర రుసుము, మొదట పంపినప్పటి షిప్పింగ్ మాత్రం చాలా సందర్భాల్లో తిరిగి రావు. పైగా చీర వెనక్కి తెచ్చినందుకు రివర్స్ షిప్పింగ్ పడుతుంది. అది 110 రూపాయలు, దానిపై జీఎస్టీ 19.80 అనుకుందాం. అన్నీ కూడి తీసేస్తే ఈ రిటర్న్ వరుస 1,509 రూపాయల 95 పైసల మైనస్‌గా తేలుతుంది.

అమ్మినప్పుడు వచ్చింది 1,247.40. తిరిగొచ్చినప్పుడు పోయింది 1,509.95. అమ్మకమే లేని ఈ ఆర్డరు మీద వ్యాపారి జేబుకు పడిన చిల్లు 262 రూపాయల 55 పైసలు. అందులో 40.05 జీఎస్టీ క్రెడిట్‌గా దక్కినా అసలు నష్టం 222 రూపాయల 50 పైసలు. చీర మరక లేకుండా, మళ్లీ అమ్మే స్థితిలో తిరిగొస్తేనే ఈ లెక్క.

ఇక్కడ రెండు రకాల రిటర్నులను వేరుచేసి చూడాలి. పార్శిల్ కస్టమర్ చేతికి చేరకుండానే, తలుపు తాళం వేసి ఉందనో, క్యాష్ ఆన్ డెలివరీలో డబ్బు ఇవ్వలేదనో వెనక్కి వచ్చేది ఒక రకం. సెల్లర్లు దీన్ని ఆర్‌టీవో అంటారు. చేతికి తీసుకున్నాక కస్టమరే తిప్పి పంపేది రెండో రకం. రెండింటికీ చార్జీలు ఒకేలా ఉండవు. చాలా వేదికల్లో మొదటి రకానికి భారం తక్కువ, లేదా అసలు ఉండదు. అందుకే ఆర్‌టీవోగా తిరిగొచ్చిన పార్శిల్‌ను కస్టమర్ రిటర్న్ కింద రాసి చార్జీ వేశారేమో చూసుకోవాలి. కొరియర్ ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అన్న మాట లేకపోతే అది కస్టమర్ రిటర్న్ కాదు.

అసలు నష్టం తెచ్చే లోపం మరొకటి ఉంది. స్టేట్‌మెంట్లో రిఫండ్ పడిపోతుంది, చీర మాత్రం ఇంటికి చేరదు. లేదంటే పెట్టెలో వేరే పాత చీర వస్తుంది. ఇది స్టేట్‌మెంట్ ఒక్కటే చూస్తే కనిపించదు. వెనక్కొచ్చిన ప్రతి పార్శిల్‌నూ తేదీతో రాసుకున్న పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తేనే బయటపడుతుంది. పరిహారం అడగడానికి వేదికల్లో ఏర్పాటు ఉంటుంది. అమెజాన్‌లో దీన్ని సేఫ్-టి క్లెయిమ్ అంటారు. లేబులు కనిపించేలా, పెట్టె విప్పుతున్న వీడియో ఆపకుండా తీసి ఉంటే వాదన నిలుస్తుంది.

ఏడున్నర, రూపాయిన్నర

చివరి రెండు చిన్న అంకెలు పేర్లలో కవలల్లా ఉన్నా పుట్టిన చట్టాలు వేరు. టీసీఎస్ అంటే మూలం వద్ద వసూలు చేసిన పన్ను. ఇది కేంద్ర జీఎస్టీ చట్టంలోని 52వ సెక్షన్ కింద వచ్చింది. 2018 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ మార్కెట్లు అమ్మకం విలువలో ఒక శాతం ఇలా పట్టుకునేవి. 2024 జులై 10 నుంచి అది అర శాతానికి తగ్గింది. జీఎస్టీ కలపని విలువ మీదే దీన్ని లెక్కకడతారు కాబట్టి మన చీరకు 1,500లో అర శాతం, ఏడున్నర రూపాయలు. ఆ నెలలో తిరిగొచ్చిన సరుకు విలువను తీసేశాకే లెక్క. పది చీరలు అమ్మి రెండు తిరిగొస్తే, ఎనిమిది చీరల విలువ 12,000 మీద టీసీఎస్ 60 రూపాయలు.

టీడీఎస్ ఆదాయపు పన్నుకు సంబంధించింది. 2020 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ అమ్మకాలపై 194-ఓ సెక్షన్ పేరుతో ఒక శాతం కోత మొదలైంది. 2024 అక్టోబరు 1 నుంచి అది 0.1 శాతం. వ్యక్తి పేరుతో వ్యాపారం చేస్తూ పాన్ గానీ ఆధార్ గానీ ఇచ్చినవారికి, ఆ వేదికపై ఏడాది అమ్మకాలు 5 లక్షలు దాటకపోతే ఈ కోత ఉండదు. పాన్, ఆధార్ రెండూ ఇవ్వకపోతే మాత్రం రేటు ఏకంగా 5 శాతానికి ఎగబాకుతుంది. స్టేట్‌మెంట్లో టీడీఎస్ అసాధారణంగా పెద్దగా కనిపిస్తే మొదట చూడాల్సింది ఖాతాలో పాన్ సరిగ్గా నమోదైందా లేదా అన్నదే.

రెండింటినీ రాబట్టుకునే దారులూ వేరే. టీడీఎస్ ఏడాది చివర ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. టీసీఎస్ అలా తనంతట తాను రాదు. కంపెనీ మరుసటి నెల 10వ తేదీలోగా జీఎస్టీఆర్-8 దాఖలు చేస్తుంది. తర్వాత వ్యాపారి జీఎస్టీ పోర్టల్లోకి వెళ్లి `TDS and TCS Credit Received` అన్న గడి తెరిచి, అంకెల్ని తన స్టేట్‌మెంట్‌తో పోల్చుకుని, ఒప్పుకున్నట్టు నొక్కి, దాఖలు చేయాలి. అప్పుడే ఆ సొమ్ము ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్లోకి చేరుతుంది. ఆ తర్వాత జీఎస్టీ కట్టడానికి నగదులాగే వాడుకోవచ్చు. ఈ నొక్కుడు మరచిపోయిన వ్యాపారుల సొమ్ము పోర్టల్లోనే కదలకుండా పడి ఉంటుంది.

జీఎస్టీఆర్-8 వల్ల మరో సంగతి కూడా ఉంది. ఏ సెల్లర్ ఎంత అమ్మాడో అందులోంచి జీఎస్టీ శాఖకు నేరుగా తెలుస్తుంది. బ్యాంకులో పడిన సొమ్మునే అమ్మకంగా చూపిన వ్యాపారి అంకె దానికన్నా తక్కువ ఉంటుంది. నోటీసు రావడానికి ఆ తేడా చాలు. జీఎస్టీఆర్-1లో చూపాల్సింది కోతలకు ముందున్న అమ్మకం. తిరిగొచ్చిన సరుకుకు క్రెడిట్ నోటు వేసి తగ్గించుకోవాలి.

నెల మొత్తం చూస్తే

ఒకే ఆర్డరు అమ్మకం ఒక సెటిల్‌మెంట్లో, బరువు సవరణ ఇంకోదాంట్లో, రిటర్న్ మూడోదాంట్లో కనిపిస్తాయి. కాబట్టి స్టేట్‌మెంట్ను తేదీల వారీగా కాక ఆర్డరు నంబరు వారీగా కలిపి చూడాలి. నెల స్టేట్‌మెంట్లన్నీ ఒకే షీటులో ఒకదాని కింద ఒకటి అతికించి, ఆర్డరు నంబరు A గడిలో, మొత్తం F గడిలో ఉన్నాయనుకుంటే ఈ ఒక్క సూత్రం చాలు:

```
=SUMIF(A:A, A2, F:F)
```

ఇలా కూడితే చీరకు 1,247 రావాల్సిన చోట 1,217.90 కనిపిస్తే బరువు సవరణ పడిందని, మైనస్ 262.55 కనిపిస్తే రిటర్నని, మైనస్ 1,500 దగ్గర తిరుగుతుంటే రిఫండ్ పడిందే తప్ప దాని అమ్మకపు వరుస వేరే నెల షీటులో ఉండిపోయిందని తెలుస్తుంది.

ఇప్పుడు పది చీరలు పంపిన నెల చూద్దాం. చీర కొనుగోలు, ప్యాకింగ్ కలిపి ఒక్కోదానికి 1,080 రూపాయలు ఖర్చయిందనుకుంటే, నిలబడిన ప్రతి అమ్మకంపై మిగులు 150. రెండు తిరిగొచ్చాయి. ఎనిమిది అమ్మకాల మిగులు 1,200లోంచి రెండు రిటర్నుల నష్టం 445 తీసేస్తే 755. పది పార్శిళ్లూ పెద్ద పెట్టెల్లోనే వెళ్లాయి కనుక సవరణల కింద మరో 250 పోయి 505 దగ్గర ఆగింది. ఇంత లెక్కలో బ్యాంకుకు చేరింది 9,159 రూపాయల 10 పైసలు. అందులోంచి జీఎస్టీ కింద ప్రభుత్వానికి కట్టాల్సినవి 600. దాంట్లో 513.90 ఇన్‌పుట్ క్రెడిట్‌తోనూ, 60 టీసీఎస్‌తోనూ చెల్లిపోతాయి, చేతి నుంచి కట్టేది 26 రూపాయల 10 పైసలు. ఆ రెండూ క్లెయిమ్ చేసుకోని వ్యాపారి 600 పూర్తిగా కట్టి, 505 రూపాయల మిగులున్న నెలను నష్టంలోకి నెట్టుకుంటాడు.

ఇదే నెలలో చిన్న పెట్టె వాడితే మిగులు మళ్లీ 755 అవుతుంది. చీర రంగు పగటి వెలుతురులో తీసిన ఫొటోతో, కొలతలు స్పష్టంగా రాసి, రెండు రిటర్నుల్లో ఒకటి తగ్గించగలిగితే 1,127 రూపాయల 50 పైసలు. అమ్మకాలు ఒక్కటీ పెంచకుండా, ధర రూపాయి మార్చకుండా వచ్చిన తేడా ఇది.